నాలుగు గ్రూపుల లెక్క

ఆదివారం మధ్యాహ్నం ఓర్వకల్లులో షాపులన్నీ కునుకు తీస్తుంటాయి. స్వర్ణలత పనిచేసే జిరాక్స్ షాపులోనూ ఫ్యాను తప్ప కదిలేది ఏదీ లేదు. అప్పుడు వచ్చాడు ఓబుళేశు. భర్త తరఫున ఆమెకు మామ వరస. వాళ్ళ ఊరు రాళ్ళవంకలో ఏ పంచాయితీ అయినా ఆయన లేకుండా తెగదు. కుర్చీలో కూర్చుని, టవలుతో మెడ తుడుచుకుని, ఫోను ఆమె ముందు పెట్టాడు.

"నాలుగు గ్రూపులు, నాలుగు ఫోటోలు. పొద్దున్నించి నా తల తింటాండారు. పైవీధోళ్ళు మాదే గెలుపంటారు, బండ్లోళ్ళు మాదంటారు. రోడ్డు ఇంజనీరు ఏమో, 'పెద్దాయనా, ఊరు మొత్తం నూటికి ఎంతమంది ఏమంటాండారో ఒక్క కాగితం మీద రాసుకురా' అన్యాడు. రేపు పొద్దున కర్నూలుకు పోవల్ల."

ఆ తర్వాత కొంచెం ఆగి, ఆమె మొహం చూడకుండా అన్నాడు. "నీతో చేయించాల్సిన పని కాదు ఇది. నాకు తెలుసు. ఊర్లో కంప్యూటర్ తెలిసినోళ్ళు ఇంకెవురుండారు చెప్పు."

"పర్వాలేదు మామా," అంది స్వర్ణలత.

ఫ్యాక్టరీల స్థలానికి హైవే నుంచి రోడ్డు వేస్తున్నారు. నేరుగా వేస్తే వానాకాలం పారే వంక పక్కనున్న శ్మశానం మీదుగా పోతుంది. గుట్ట చుట్టూ తిప్పితే శ్మశానం మిగులుతుంది, పొడవు మూడు కిలోమీటర్లు పెరుగుతుంది. రచ్చకట్ట మీద అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. ఎదురుగా ఉన్న మనిషి తాత సమాధి మీద రోడ్డెయ్యమని ఎవరంటారు? అందుకని ఫోన్లలో, నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో, ఓటింగు పెట్టారు. "నేరుగా", "గుట్ట చుట్టు". రెండే మాటలు.

ఆ వంక పక్కన స్వర్ణలత బిడ్డ ఉంది. మూడేళ్ళ కిందట కర్నూలు ఆస్పత్రిలో పుట్టి తొమ్మిది రోజులు బతికింది. పేరు పెట్టే రోజు రాలేదు. స్వర్ణలత ఇంకా ఆస్పత్రి మంచం మీదే ఉండగా ఆమె భర్త భూపేష్ బిడ్డను తువ్వాలలో చుట్టుకుని తన బండిలోనే ఊరికి తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. ఆడవాళ్ళు అక్కడికి పోరు. తుమ్మచెట్టు, దాని పక్కన ఒక నల్లరాయి, అని చెప్పాడు. రెండేళ్ళుగా ఆమె రోజూ షాపుకు వచ్చే బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆ రాయి కనపడినంతసేపు చూస్తుంది. అది పదిహేను సెకన్లు కూడా ఉండదు.

ఆమె కంప్యూటర్‌లో ఎక్సెల్ గళ్ళు తెరిచింది. పైవీధి గ్రూపులో నలభై ఓట్లు: నేరుగా పన్నెండు, చుట్టు ఇరవై ఎనిమిది. పొదుపు సంఘంలో ఇరవై అయిదు: ఎనిమిది, పదిహేడు. రైతుల గ్రూపులో అరవై: ముప్పై మూడు, ఇరవై ఏడు. ఆటోలూ వ్యాన్లూ నడిపేవాళ్ళు, విమానాశ్రయం పనికి పోయే కుర్రాళ్ళు ఉన్న బండ్ల గ్రూపు అన్నిటికన్నా పెద్దది. నూట పదిహేనులో తొంభై రెండు నేరుగా, ఇరవై మూడు చుట్టు.

ప్రతి గ్రూపుకూ శాతం కట్టింది. "చుట్టు" కింద డెబ్బై, అరవై ఎనిమిది, నలభై అయిదు, ఇరవై. నాలుగూ కలిపి నాలుగుతో భాగించింది.

యాభై పాయింట్ ఏడు అయిదు.

ఆ అంకెను ఆమె కాసేపు అలాగే చూసింది. లోపల ఎక్కడో చాలా రోజులుగా బిగించి పట్టుకున్న పిడికిలి తెరుచుకున్నట్టయింది.

"చుట్టే మామా. యాభై ఒకటి దగ్గర దగ్గర."

ఓబుళేశు నవ్వలేదు. బీడీ తీసి, షాపని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఎట్ల కట్టినావు?"

చెప్పింది.

"పత్తికొండ మార్కెట్‌కు నేను పది గంపల టమోటా తెస్తి అనుకో. రెండు గంపలు కుళ్ళినాయి. ఇంకొకడు నూరు గంపలు తెచ్చినాడు, ఎనభై కుళ్ళినాయి. ఇద్దరివీ కుప్ప పోసినాక సగం మంచివే అని చెప్తే వ్యాపారి నన్ను ఏమంటాడు?"

స్వర్ణలత తల దించుకుంది. ఆమె బీకాం చదివింది. చిన్న గుంపూ పెద్ద గుంపూ ఒకే తూకం తూగవని ఆమెకు తెలియనిది కాదు. శాతాలను కలపకూడదు, ఓట్లను కలపాలి. మరి వేలు అటే ఎందుకు పోయింది? తనకు తెలియకుండా తన లోపల ఇంకొకతి కూర్చుని, తనకు కావలసిన అంకె ఏ దారిలో వస్తుందో ముందే చూసిపెట్టుకున్నట్టుంది. దానికి సిగ్గుపడటానికి కూడా ఆమెకు వ్యవధి లేకపోయింది.

ఓట్లు కూడింది. మొత్తం రెండు వందల నలభై. నేరుగా నూట నలభై అయిదు, చుట్టు తొంభై అయిదు. అరవై, నలభై.

"ఇది కూడా సరి కాదు మామా," అంది మెల్లగా. "ఒకే మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే రెండు ఓట్లు పడినట్టే కదా. ఎవరెవరు వేసినారో పేర్లు కనపడేటట్టు స్క్రీన్ ఫోటోలు కావాలి. నాలుగూ ఇప్పుడే తీసి పంపమనండి. పొద్దున తీసినవి అయితే, ఆ తర్వాత వేసినోళ్ళు, మార్చుకున్నోళ్ళు రారు."

"నూటికి నూరు ఆడిట్ చేస్తాండావే," అని ఓబుళేశు నలుగురికీ ఫోన్లు కొట్టాడు. నాలుగో మనిషితో, "పేర్లెందుకంటే నీ పెండ్లికి పిల్చేకి లేప్పా. చెప్పింది పంపు," అన్నాడు.

అంకెలు మారలేదు. పేర్ల జాబితాలు మాత్రం పొడవుగా వచ్చాయి. అసలు చిక్కు అక్కడుంది. ఒక్కో అడ్మిన్ ఫోన్లో ఒక్కో మనిషికి ఒక్కో పేరు. రైతుల జాబితాలో "బోరు మహానంది", పైవీధి జాబితాలో "మహానంది చిన్నాయన". సంఘంలో "గిడ్డమ్మ లీడర్", పైవీధిలో "గిడ్డక్క". కంప్యూటర్ వీళ్ళను వేరు వేరు మనుషులంటుంది. ఆ ఊరి కోడలు మాత్రమే ఒక్కరేనంటుంది. ఇద్దరూ కూర్చుని ఒక్కో పేరూ కలుపుకుంటూ పోయారు. రెండుసార్లు వచ్చిన మొదటి పేరు ఆమెదే. సంఘంలో "స్వర్ణ జిరాక్స్", పైవీధిలో "భూపేష్ భార్య". రెండూ చుట్టే. తన రెండో ఓటును తన చేత్తోనే కొట్టేసింది.

మొత్తం ముప్పై మంది రెండేసి చోట్ల వేశారు. ఇరవై నలుగురు రెండు చోట్లా ఒకే మాట. వాళ్ళ రెండో ఓటు తీసేశారు. మిగిలిన ఆరుగురు ఒక చోట నేరుగా, ఇంకో చోట చుట్టు అన్నారు.

"ఎవురి ముందర వాళ్ళ మాట," అన్నాడు ఓబుళేశు. "పేర్లు కనపడతాయని తెలిసినాక ఫోనైనా రచ్చకట్టే. వాళ్ళకే ఫోన్ చేసి, నీది ఏది రా అని అడుగుదాం. చెప్పిందే లెక్క."

ఆరో పేరు ఆమె అప్పటికే చూసింది. బండ్ల గ్రూపులో, నేరుగా కింద: "తవేరా భూపి". పేరు పక్కన గుండ్రటి చిన్న ఫోటో, తెల్ల బండి, అద్దానికి వేలాడే నిమ్మకాయ. పైవీధిలో, చుట్టు కింద: "భూపేష్ బామ్మర్ది". అదే బండి, అదే నిమ్మకాయ. పైవీధి గ్రూపులో స్వర్ణలత ఉంది. బండ్ల గ్రూపులో లేదు.

ఓబుళేశు అయిదుగురితో మాట్లాడాడు. ముగ్గురు నేరుగా అన్నారు, ఇద్దరు చుట్టు అన్నారు. ఆరో పేరు దగ్గర వేలు ఆపి ఆమె వైపు చూశాడు.

"మీరు పోండి మామా. ఇది నేను అడిగి, కాగితం తీసి సాయంత్రం ఇంటికి తెచ్చిస్తా."

"ఆ ఒక్క ఓటుతో మారేది ఏం లేదు మ్మే."

"తెలుసు."

నిజంగానే తెలుసు. రెండు విధాలా కట్టి చూసింది. మొత్తం మనుషులు రెండు వందల పది. భూపేష్ నేరుగా అంటే నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు: అరవై ఒకటి, ముప్పై తొమ్మిది. చుట్టు అంటే నూట ఇరవై ఏడు, ఎనభై మూడు: అరవై, నలభై. ఎట్లా అయినా రోడ్డు నేరుగానే వస్తుంది.

అయిదు దాటాక భూపేష్ ఎవరినో విమానాశ్రయంలో దింపి, ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆదివారాలు అలా వస్తాడు. ముందు సీట్లో కూర్చుంది. బండి హైవే ఎక్కాక అడిగింది.

"బావా, నీ ఓట్లు రెండుండాయి. ఏదో ఒకటి కొట్టెయ్యాల. ఏది కొట్టెయ్యమంటావు?"

అతని చెయ్యి గేరు మీద ఆగింది. తిడతాడనుకుంది, లేదా నవ్వి తప్పించుకుంటాడనుకుంది. రెండూ చేయలేదు.

"పైవీధిలో నువ్వు చూస్తావని ఏసినా."

"అంటే నీది నేరుగానేనా?"

"ఆ."

కొండరాళ్ళు వెనక్కి పోతున్నాయి. అడగాలా వద్దా అని ఆమె లోపల ఇద్దరు పోట్లాడుకున్నారు. అడిగేది గెలిచింది. "రోజూ ఆ దావనే పోతావే. నువ్వే కదా పెట్టింది. దాని మీద లారీలు పోతే నీకేం కాదా?"

భూపేష్ బండిని పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు వైపే చూస్తూ మాట్లాడాడు.

"పోయినేడు ముందరి ఏడు వంక పొంగింది కదా. నీళ్ళు తగ్గినాక పోయి చూస్తి. గట్టు సగం కోసుకపోయింది. పైన కప్పిన ముళ్ళకంప లేదు, చెట్టు లేదు, రాయి లేదు. యాడ తవ్వినానో నాకు తెలీలేదు లతా. మూడు దినాలు పోయి వెతికినా. ఇప్పటికీ ఆడికొస్తే కండ్లు వెతకతానే ఉంటాయి, బండి నడపలేను. రోడ్డు పడితే వెతికే పని ఉండదని... అంతే."

"రాయి ఉంది కదా. తుమ్మచెట్టు పక్కన. నేను రోజూ చూస్తాండా."



"అది ఎవురిదో," అన్నాడు భూపేష్. "మనది ఇంకా కిందికుండె. నువ్వు దాన్ని చూస్తాండావని నాకు తెలుసు. చెప్పేకి నోరు రాలేదు."

రెండేళ్ళ పదిహేను సెకన్లు. అన్నీ ఎవరికో చెందినవి. స్వర్ణలతకు ఏడుపు రాలేదు. తన పక్కన కూర్చున్న మనిషి రెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒంటరిగా వెతుకుతున్నాడన్నది మెల్లగా లోపలికి దిగింది. తాను ఒక చోట, అతను ఒక చోట. ఇద్దరి ఓట్లనూ కలిపి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"షాపుకు తిప్పు," అంది. "కాగితం తీయల్ల."

భూపేష్ బండిలోనే కూర్చున్నాడు. ఆమె పైవీధి జాబితాలో "భూపేష్ బామ్మర్ది" గడిని ఖాళీ చేసింది. అంకెలు వాటంతటవే మారాయి. మొత్తం ఓటర్లు 210. నేరుగా 128, 61 శాతం. గుట్ట చుట్టు 82, 39 శాతం. అడుగున, రెండు గ్రూపుల్లో వేసినవారి ఓటు ఒకసారే లెక్కించడమైనది, అని రాసి ప్రింటు తీసింది. కాగితం వెచ్చగా బయటికి వచ్చింది. ఓబుళేశు ఇంట్లో ఇచ్చేటప్పుడు ఆయన చదివి మడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున బస్సులో కుడివైపు సీటు ఖాళీగా ఉంది. ఆమె దాని దాకా పోయింది. తర్వాత వెనక్కి వచ్చి ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చుంది. తుమ్మచెట్టు వచ్చింది, నల్లరాయి వచ్చింది. ఆమె దాన్ని చూసింది. దాన్ని దాటాక, ఇంకా కిందికి, వంక కోసుకుపోయిన గట్టు వైపు, బస్సు మలుపు తిరిగేదాకా కండ్లతో వెతుకుతూనే ఉంది.