తువ్వాలు పక్కన నెమలి

ఋతుజ ఆ ఫొటోను పవర్‌లూమ్ ఫోరంలో పెట్టింది బుధవారం పదకొండున్నరకు. జోడ్‌భావి పేట్‌లో విఠల్ బురా నడిపే డిజైన్ సెంటర్‌లో ఆమెది గ్రాఫ్ గీసే పని. వ్యాపారులు తెచ్చిన పువ్వునూ అంచునూ కంప్యూటర్‌లో గడులుగా మార్చి, పువ్వులు నేసే ఎలక్ట్రానిక్ జకార్డ్ మగ్గాలకు ఎక్కే ఫైలుగా ఇస్తుంది. కానీ ఆ ఫొటో సెంటర్ పనికి సంబంధించింది కాదు. నీలం నగర్‌లో వాళ్ల ఇంటి వెనక షెడ్డులో ఉన్న అలాంటి మగ్గానిది.

నాలుగు రోజులుగా ఆమె తండ్రి ఎల్లయ్య నేసే ప్రతి తువ్వాలులోనూ నిలువునా ఒక గీత పడుతోంది. ఆయన పోగులు మార్చాడు, తాళ్లు చూశాడు, మిస్త్రీని పిలిపించాడు. గీత పోలేదు. ఆ పొద్దున టీ తాగకుండానే మగ్గం ముందు నిలబడి, "ఫోరమో గీరమో అంటవు గదా, అండ్ల అడుగు జరా," అన్నాడు. ఆమె అప్పటికప్పుడు తువ్వాలు పరిచి, పూర్తి వెడల్పు వచ్చేలా ఫొటో తీసింది.

ఫోరంలో ఫొటోలు నేరుగా ఎక్కవు. వేరే ఫొటోల సైట్‌లో పెట్టి, అక్కడి అడ్రసు తెచ్చి ఇక్కడ అతికించాలి. సెంటర్ కంప్యూటర్‌లో అలాంటి సైట్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వ్యాపారులకు నమూనాలు చూపించడానికి. ఋతుజ తువ్వాలు ఫొటోను అందులోకే ఎక్కించింది. షేర్ బటన్ నొక్కితే వచ్చిన అడ్రసును తెచ్చి ఫోరంలో, బొమ్మ చూపమని చెప్పే ఇమేజ్ ట్యాగుల మధ్య పెట్టి, పోస్ట్ చేసింది.

ఫొటో రావలసిన చోట విరిగిన బొమ్మ గుర్తు వచ్చింది. పది నిమిషాలకు 'లూమ్ డాక్టర్' అనే పేరుతో రాసే పెద్దమనిషి హిందీలో జవాబిచ్చాడు. ఆ అడ్రసు ఫొటో ఉన్న పేజీది, ఫొటోది కాదు. ఇమేజ్ ట్యాగుకు ఫొటో సొంత అడ్రసే కావాలి, చివర డాట్ జేపీజీ అని ఉంటుంది చూడు, అన్నాడు.

ఆమె చూడబోయింది. సరిగ్గా అప్పుడే ఒక వ్యాపారి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో పని పట్టుకొని ట్యాగులు సరిచేసే ఓపిక లేకపోయింది. ట్యాగులు తీసేసి అదే పేజీ అడ్రసును మామూలు లింకుగా వదిలేసి, 'ఇక్కడ నొక్కి చూడండి' అని రాసింది. ఎలాగూ పేజీలో ఫొటో పెద్దగా కనిపిస్తుంది, గీత బాగా తెలుస్తుంది అనుకుంది.

ఒంటిగంటకు విఠల్ సెంటర్‌కు తాళం వేశాడు. మళ్లీ తెరిచేది నాలుగింటికి. ఋతుజ స్కూటీ మీద ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చొని ఫోన్‌లో ఫోరం తెరిచింది. ఐదు జవాబులున్నాయి.

"చెప్పిన్రు బాపూ," అంది.

ఎల్లయ్య చెయ్యి కడుక్కోకుండానే వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమన్నరు?"

"తువ్వాల అడ్డంల పువ్వు ఆరు సార్లు వస్తది గదా. ఆరిట్ల గూడ ఒక్క జాగల్నే గీత ఉందట. మనకు ఒక్కటే కనిపించింది, తక్కినయి సన్నగున్నయి. ఒక్క పోగు ఖరాబైతే ఒక్క తావునే పడుతుండె. ఆరు తావుల పడ్డదంటే పైన జకార్డ్ల హుక్కు లేస్తలేదట. ఒక్కో హుక్కుకు ఆరు పోగులు కట్టి ఉంటయి."

"మరి ఏం జెయ్యాలె?"

"ఆ హుక్కును లేపే మాడ్యూల్ తీసి పక్క దాంతోని బదలాయించమన్నరు. గీత గూడ జరిగితే మాడ్యూల్ ఖరాబ్. జరగకపోతే వైరింగ్ చూడాలె."

ఎల్లయ్య ఇక ఆగలేదు. స్క్రూడ్రైవర్ తీసుకొని షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఋతుజ చివరి జవాబు కూడా చదివింది. రాసింది భివండి నుంచి ఎవరో. 'తువ్వాలు సంగతి సరే. పక్క ఫొటోలో నెమలి అంచు చద్దర్ చాలా బాగుంది. ఎవరి డిజైన్?'

ఆమె నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

లింకు నొక్కింది. తువ్వాలు ఫొటో, దాని పక్కన బాణం గుర్తు. బాణం నొక్కితే నెమలి అంచు వచ్చింది, నేస్తే చద్దర్ ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మ. మళ్లీ నొక్కితే దాని రంగుల వరుస. తువ్వాలు ఫొటోను ఆమె సెంటర్ ఆల్బమ్‌లోనే ఎక్కించింది. ఆ పేజీ అడ్రసు ఆల్బమ్ తలుపు కూడా. ఫొటో సొంత అడ్రసు పెట్టి ఉంటే ఫోరంలో తువ్వాలొక్కటే కనిపించేది, పక్కకు జరగడానికి బాణమే ఉండేది కాదు.

నెమలి అంచు సెంటర్‌కు పనులిచ్చే వ్యాపారి కొండా సేట్‌ది. ఋతుజ మూడు వారాలు కూర్చొని గీసింది. 'బజార్‌లకు వచ్చేదాక బయట గాలి గూడ తాకొద్దు' అని సేట్ ఆమెకే చెప్పి వెళ్లాడు. ఫొటో కింద ఎన్నిసార్లు చూశారో చెప్పే చిన్న కన్ను గుర్తు, దాని పక్కన తొమ్మిది. ఆమె పేజీని మళ్లీ తెరిచింది. పదకొండు. అందులో తను చూసినవి ఎన్నో, పరాయి వాళ్లవి ఎన్నో తెలియలేదు.

ఫోరంలో పోస్టును మార్చబోతే మార్చే బటనే లేదు. గంట దాటితే మార్చనివ్వరు. నిర్వాహకుడికి లింకు తీసేయమని రాసింది. ఫొటోల సైట్‌లోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ అడిగింది. అది సెంటర్ కంప్యూటర్‌లోనే దాచి ఉంది. విఠల్‌కు ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మధ్యాహ్నాలు ఆయన కుంభారిలో కొత్త కాలనీకి మారిన చెల్లెలు గంగుబాయి ఇంటికి భోజనానికి వెళ్తాడని గుర్తొచ్చింది.

తల్లి కళావతి వరండాలో బీడీలు చుడుతోంది. "తినకుంట యాడికే?" అంది.

"వస్తనే," అని ఋతుజ స్కూటీ తీసింది.

అక్కల్‌కోట్ రోడ్డు మీద ఎండ మొహాన కొడుతోంది. బస్సు వెనక ఇరుక్కున్నప్పుడల్లా ఫోన్ తీసి చూడాలనిపించింది. ఒకసారి పక్కకు ఆపి చూసింది కూడా. పన్నెండు. కాలనీలో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. రెండు వీధులు తప్పాక గంగుబాయి ఇల్లు దొరికింది. విఠల్ మంచం మీద నడుం వాల్చి ఉన్నాడు.

"కాకా, సెంటర్ చావి కావాలె."

"గిప్పుడా? ఏమైంది?"

చెప్పింది. మొదట ఆయనకు అర్థం కాలేదు. ఫొటో పెడితే ఫొటోనే కదా పోతుంది అన్నాడు. ఫొటో అడ్రసు, పేజీ అడ్రసు తేడా రెండోసారి చెప్పేసరికి లేచి కూర్చున్నాడు. మొహం మాడిపోయింది.

"ఇంటి పనికి సెంటర్ ఆల్బమ్ ఎందుకు వాడినవు?"

"తప్పైంది కాకా."

ఆయన తాళం చెవి చేతికివ్వలేదు. తనే వస్తానని మోటార్‌సైకిల్ తీశాడు.

జోడ్‌భావి పేట్ చేరేసరికి మూడయింది. కంప్యూటర్ తెరుచుకునేంతసేపూ ఋతుజ కూర్చోలేదు. కన్ను గుర్తు పక్కన పద్నాలుగు ఉంది. ఆల్బమ్ మొత్తాన్ని దాచేద్దామా అని చెయ్యి ఆ బటన్ దాకా వెళ్లింది. కానీ ఆల్బమ్‌ను దాచినా, ఫొటో సొంత అడ్రసు ఎవరైనా ఇప్పటికే తీసుకొని ఉంటే దాంతో ఫొటో తెరుచుకుంటూనే ఉండొచ్చు. అందుకే నెమలి అంచు ఫొటోలను ఒక్కొక్కటిగా పూర్తిగా తుడిచేసింది. మిగతా వ్యాపారులవి ఎప్పుడో బజారుకు వచ్చిన డిజైన్లే, అయినా వాటినీ తుడిచేసింది. చివరికి తువ్వాలును కూడా తీసేసింది. ఫోరంలో లింకు నొక్కి చూసింది. ఈ పేజీ లేదు అని వచ్చింది.

తర్వాత తన పేరు మీద కొత్త ఖాతా తెరిచి, తువ్వాలు ఫొటో ఒక్కటే ఎక్కించింది. ఈసారి ఫొటోను విడిగా తెరిచి, పూర్తి సైజుదేనని చూసుకొని, డాట్ జేపీజీతో ముగిసే అడ్రసును ఇమేజ్ ట్యాగుల మధ్య పెట్టి కింద కొత్త జవాబుగా వేసింది. తువ్వాలు ఫోరంలోనే తెరుచుకుంది. ఎటూ జరగడానికి బాణం లేదు.

విఠల్ వెనక నిలబడి అంతా చూశాడు. "తుడిచినవు గదా. ఇగ ఎవలకు చెప్పకు. సేట్‌కు తెల్వదు, తెల్వనియ్యకు."

"చూసినోళ్లు కాపీ చేసుకొని ఉంటరు కాకా."

"ఉంటరు, ఉండరు. పద్నాలుగుల సగం నువ్వే చూసి ఉంటవు."

అది నిజమే కావచ్చు. ఆమె మిగిలిన పని ముందేసుకుంది. గడులు నింపుతూ, తప్పు నింపి, వెనక్కి తీసి, మళ్లీ నింపింది. ప్రతి పది నిమిషాలకూ ఫోరం తెరిచింది. నాలుగున్నరకు నిర్వాహకుడు లింకు తీసేశాడు. ఐదింటికి లూమ్ డాక్టర్ విడిగా రాశాడు. ఆల్బమ్ తెరిచి ఉండటం తనూ చూశానని, చెప్పేలోపు తీసేసి మంచి పని చేశావని, తన దగ్గర ఏమీ దాచుకోలేదని. ఆ మాట ఆమెకు ఊరట ఇవ్వలేదు. దాచుకోని వాడే అలా రాస్తాడు, దాచుకున్న వాడు చెప్పడు కదా అనిపించింది. భివండి మనిషి ఇంకేమీ రాయలేదు.

ఐదున్నరకు ఆమె లేచింది.

"యాడికి?" అన్నాడు విఠల్.

"సేట్ దుకాణంకు."

"ఋతుజా, నా సెంటర్ పేరు పోతది."

"రేపు సేట్ వేరేటోని చద్దర్ మీద నెమలి చూసి అడిగితే ఏం చెప్తం కాకా? సేట్ ముంగట అబద్ధం చెప్పుడు నాతోని కాదు."

విఠల్ ఆపలేదు. కానీ వెంట రాలేదు కూడా.

కొండా సేట్ దుకాణంలో చద్దర్ల కట్టల మధ్య కూర్చొని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆమె ఫోన్ అయ్యేదాకా నిలబడింది. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడ పెట్టింది, ఎన్ని గంటలు ఉంది, ఎంతమంది చూశారు, భివండి మనిషి ఏమని రాశాడు.

"ఆ ఫొటో మీదికెల్లి నెయ్యొచ్చా?" అని అడిగాడు సేట్.

"గ్రాఫ్ లేదు అండ్ల. ఫొటో చూసి మల్ల గీసుకోవాలె. అంచు గాబట్టి, తెలిసినోడు పది దినాలల్ల గీస్తడు."

"ఫైలు రెడీ ఉన్నదా?"

"ఉన్నది. రంగులు మీరు ఓకే అనాలె."

"నేను వచ్చే నెల మగ్గాలకు ఎక్కిద్దామనుకున్న." సేట్ కళ్లద్దాలు తీసి కళ్లు రుద్దుకున్నాడు. "ఇప్పుడు ఆగితే లాభం లేదు. ఇయ్యాల్నే రంగులు చూస్త. రేపు పొద్దుగాల ఫైలు నా మగ్గాలకు పంపు. వాళ్లు గీసేలోపల మన మాల్ బజార్‌ల ఉండాలె."

ఆమె తలూపింది.

"ఇంకోటి. ఇగనుంచి నా డిజైన్లు సెంటర్‌ల ఉండొద్దు. నువ్వే నా దుకాణంకొచ్చి ఇక్కడి కంప్యూటర్‌ల గియ్యి. విఠల్‌తోని నేను మాట్లాడుత." అని ఆగి, "చెప్పినవు గాబట్టి ఈ మాట అంటున్న. లేకపోతే వేరే మాట అంటుంటి," అన్నాడు.

చీకటి పడే వేళకు ఇల్లు చేరింది. ఎల్లయ్య షెడ్డు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మాడ్యూళ్లు మార్చాడట. గీత కూడా రెండు వేళ్ల అవతలికి జరిగిందట.

"మాడ్యూలే ఖరాబ్. రేపు కొత్తది తెస్త," అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు కనిపించింది. ఆ సంగతి ఫోరంలో రాయమన్నాడు. ఆమె రాసింది, అందరికీ ధన్యవాదాలు చెప్పింది.

విఠల్ వారం రోజులు ఆమెతో పని మాట తప్ప మాట్లాడలేదు. కొండా సేట్ చద్దర్లు పన్నెండో రోజున బజారుకు వచ్చాయి, బాగానే పోతున్నాయని విన్నది. ఫోరంలో ఎవరూ నెమలి ఊసెత్తలేదు. అయినా ఋతుజ ఇప్పటికీ పొద్దున టీ తాగుతూ భివండి వ్యాపారుల కొత్త చద్దర్ల ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూస్తుంది. అంచులో నెమలి ఉన్నది కనిపిస్తే పెద్దది చేసి మెడ వంపు చూస్తుంది. తాను గీసిన వంపు కాదని తేలేదాకా టీ గ్లాసు కింద పెట్టదు.