డబ్బాలో మిగిల్చిన ముద్ద

ఎండలు ముదిరాక పిచ్చుకకు వాంతులూ విరేచనాలూ పట్టుకోవడం ఇది మూడోసారి. రెండేళ్ళ పిల్ల, ఎముకలకు చర్మం అంటించినట్టు తయారైంది. మూడుసార్లూ నింద తల్లి మీదే పడింది. పాలసీసా సరిగ్గా మరిగించలేదంది అత్త. గోళ్ళు పెంచుకుందంది. నేల తుడిచిన చేత్తోనే పిల్లకు తినిపిస్తుందని పక్కింటావిడకి కూడా చెప్పి వచ్చింది. పిచ్చుక తల్లి రక్తం చిమ్మేదాకా గోళ్ళు కత్తిరించుకుంది. ఆ వేళ్ళతోనే సలసల కాగే నీళ్ళలోంచి సీసాలు తీసింది. అయినా పిల్ల మళ్ళీ పడకేసింది.

ఇవాళ ఆస్పత్రిలో డాక్టరమ్మ పాప పొట్ట నొక్కి చూసి, "ఇంకోసారి ఇలా అయితే సెలైన్ ఎక్కించక తప్పదు. నరం దొరికితే మన అదృష్టం" అంది. తర్వాత, నిద్ర లేచినప్పటి నుంచీ పాప నోట్లోకి ఏమేం వెళ్తుందో అడిగింది. తల్లి వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. సాయంత్రం నాన్న తెచ్చే ముద్ద అనగానే డాక్టరమ్మ తలెత్తింది.

"ఎక్కణ్ణుంచి తెస్తాడు?"

"ఆఫీసు నుంచండి. నేను కట్టిన డబ్బాలోదే. పాప కోసం ఒక్క ముద్ద మిగులుస్తారు."

అది ఆ ఇంటి మురిపెం. పోయిన మామగారు కొడుక్కి అలాగే మిగిల్చి తెచ్చేవాడట. ఇప్పుడు ఆ కొడుకు తన కూతురికి తెస్తున్నాడు. స్కూటర్ చప్పుడు వినిపిస్తే చాలు, పిచ్చుక గడప మీద కూర్చుని నోరు తెరిచేది. నానమ్మ డబ్బా మూత తీసి పెట్టేది. పక్కన నిలబడి తల్లి ఎన్నిసార్లు మురిసిందో లెక్కలేదు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పొగలు కక్కుతుండగా మూత బిగించిన అన్నం మధ్యాహ్నం దాకా వేడివేడిగా ఉంటే భయం లేదు. మూత తీసి, చెయ్యి పెట్టి కలిపి తిన్నాక ఆ వేడి పోతుంది. ఇక ఈ ఎండల్లో గంట దాటిందంటే మిగిలింది పారేయాల్సిందే.

సాయంత్రం స్కూటర్ వాకిట్లో ఆగింది. పిచ్చుక వాడిపోయిన మొహంతోనే గడప మీదికి పాకింది. నోరు తెరిచింది. భర్త సీటు ఎత్తి, కింది డిక్కీలోంచి డబ్బా సంచీ తీసి, ఎప్పట్లాగే నవ్వుతూ తన తల్లి చేతికిచ్చాడు.

అత్త మూత తియ్యబోతే కోడలు డబ్బా లాక్కుంది.

"ఇది పెట్టొద్దు అత్తయ్యా. దీని వల్లే వస్తోందంది డాక్టరమ్మ."

"బాగుంది. అన్నం తింటే రోగమట, మాత్రలు మింగితే బలమట. అదే డబ్బా వాడూ తింటున్నాడు కదా, వాడికేం కాలేదే? రాయిలా ఉన్నాడు. నీ సీసా సంగతి దాచడానికి నా కొడుకు డబ్బా దొరికిందా?"

"ఆయన మధ్యాహ్నం తింటారు. ఇది ఇప్పుడు తింటుంది. రెండూ ఒకటెలా అవుతాయి?"

భర్త మూత తీసి వాసన చూశాడు. "బాగానే ఉందే. పులిసిన వాసనేం లేదు. అయినా మా ఆఫీసంతా ఏసీ. నువ్వు ఊరికే కంగారుపడుతున్నావు."

"వాసన లేకపోయినా పాడవచ్చట. సరే, ఏసీ అన్నారు కదా. తిన్నాక ఈ డబ్బా మీ బల్ల మీద పెట్టుకుంటారా?"

అతను తల గోక్కున్నాడు. "బల్ల మీద ఎందుకు? తినగానే కిందికెళ్ళి డిక్కీలో పడేసి వస్తాను. లేకపోతే మర్చిపోతానని. ఆ మధ్య మూత ఆఫీసులో వదిలేస్తే అమ్మ రెండు రోజులు అన్నం తినకుండా తిట్టింది కదా."

పిచ్చుక తల్లి చెప్పుల్లేకుండానే వాకిట్లోకి దిగింది. సీటు ఎత్తింది. బట్టీ తలుపు తీసినట్టు వెచ్చటి గాలి మొహానికి కొట్టింది.

"ఇలా రండి. చెయ్యి పెట్టండి."

"ఏమిటే నీ గోల, వీధిలో..."

"పెట్టండి. ఇంత దూరం గాలికి నడుపుకొచ్చాక కూడా ఇలా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టినప్పుడు ఎలా ఉంటుందో మీరే చెప్పండి. ఎంగిలి చేసిన అన్నం పొద్దుగూకేదాకా ఇందులో పొదిగారు. కోడి గుడ్లు పొదిగినట్టు. మీరు చెయ్యి పెట్టకపోతే పాప చెయ్యి పెట్టించమంటారా?"

అతను చెయ్యి పెట్టాడు. తీశాడు. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కాకి తుడుచుకున్నాడు.

"పోనీ వేడిచేసి పెడదాం. ఆ మాత్రానికి ఇంత రాద్ధాంతమా?" అంది అత్త గడప మీంచి.

"వేడిచేసినా కొన్ని విషాలు పోవట." కోడలు లోపలికొచ్చి, ఆ ముద్దను పిచ్చుక చూస్తుండగానే చెత్తబుట్టలో దులిపేసింది. పిచ్చుక గుక్కపట్టి ఏడ్చింది.

"పసిదాని నోటికాడి ముద్ద తీసేశావు. అన్నం పారేస్తే పాపం తగుల్తుంది అమ్మాయ్."

"తగలనివ్వండి. మూడుసార్లు దీన్ని భుజాన వేసుకుని పరిగెత్తినప్పుడు దీని వాంతి తగిలింది నాకు. మీ మాటలు తగిలాయి. ఇది కూడా తగలనివ్వండి."

ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. భర్త "పోనీలే, ఇక వదిలెయ్" అన్నాడు.

"ఎవరిని వదిలెయ్యమంటున్నారు? నా సీసా, నా గోళ్ళు అన్నప్పుడు అత్తయ్యని వదిలెయ్యమనలేదే?"



మర్నాడు వంటింట్లో అత్త అలవాటుగా అన్నం పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెట్టబోయింది. డబ్బాలో ఉమ్మగిలిపోతుందని ఆవిడ బాధ. కోడలు పళ్ళెం అందుకుని పక్కన పెట్టేసింది. ముందుగా వేడి నిలిపే డబ్బా నిండా మరిగే నీళ్ళు పోసి, కాసేపు మూత పెట్టి పారబోసింది. పొయ్యి మీంచి దించిన అన్నమూ కూరా పొగలతోనే నింపి, మూత బిగించింది. ఒక మనిషికి సరిపడా పెట్టింది, ముద్ద కూడా ఎక్కువ కాదు. ఫ్రిజ్‌లోని పెరుగును చిన్న డబ్బాలో, గడ్డకట్టిన నీళ్ళ సీసాతో కలిపి వేరే సంచీలో పెట్టింది. రెండూ ఒకే సంచీలో పెడితే వేడిది చల్లారుతుంది, చల్లది వెచ్చబడుతుంది, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

"మిగిలితే అక్కడి చెత్తబుట్టలోనే వెయ్యండి. డబ్బా అక్కడే కడగండి" అంది. తర్వాత, విప్పని చిన్న బిస్కెట్ ప్యాకెట్ ఒకటి అతని చొక్కా జేబులో కుక్కింది. "దాని ముద్ద ఇది. సాయంత్రం దాని ముందే విప్పండి."

సాయంత్రం పిచ్చుక మళ్ళీ నోరు తెరిచింది. నాన్న ప్యాకెట్ చింపి బిస్కెట్ ముక్క పెట్టాడు. అది అనుమానంగా నమిలింది. ఇంకోటి కావాలని చెయ్యి చాపింది.

"ముద్ద రుచి దీనికెక్కడొస్తుంది" అని అత్త గొణిగింది.

పిచ్చుక తల్లి వినిపించుకోలేదు. కడిగి తెచ్చిన డబ్బా విప్పి, మూతలోని రబ్బరు చుట్టును గోరు లేని వేలితో పీకి, దాని కింద ఏమైనా ఇరుక్కుందేమోనని వెలుతురుకి ఎత్తి చూసింది.

"కడిగానన్నాను కదా. నా మీద నమ్మకం లేదా?" అన్నాడు భర్త.

"లేదు" అని, ఆమె మళ్ళీ సబ్బు తీసుకుంది.