బంటు వెనక ఏనుగు

నాలుగింటికి ఆట ఉన్న మనిషి ఒంటిగంటకి మూడో గ్లాసు వైను నింపుకోడు. ఇయామ్జేకి అనుమానం వచ్చింది అక్కడే.

త్స్ఖాల్తుబో శానటోరియం భోజనాల హాలులో పొడుగాటి బల్లకి ఒకవైపు పట్టు మిల్లు జట్టు, రెండోవైపు రైల్వే జట్టు కూర్చున్నాయి. కార్మిక సంఘాల చదరంగం పోటీలో అది ఆఖరి రోజు. నిన్న సాయంత్రానికి తేలకుండా ఆగిపోయిన ఆటలు రెండే. ఒకటి పట్టు మిల్లు కెప్టెన్ ఒటియాది. రెండోది మహిళల బల్ల మీద ఇయామ్జేది. రెండూ నాలుగింటికి మళ్ళీ మొదలవ్వాలి. ఒటియా ఆట ఏమంత బాగాలేదు. ఏనుగుని పోగొట్టుకుని బదులుగా గుర్రం తీసుకున్నాడు, రాజు చుట్టూ కంచె కూడా లేదు. అలాంటివాడు పొద్దుటినుంచీ బోర్డు ముందు తల పట్టుకుని కూర్చోవాలి. ఈయనేమో లోబియో గింజల కూర గిన్నెలో రొట్టె ముంచుకుంటూ పెళ్ళివారి పెద్దలా వెలిగిపోతున్నాడు.

"మీకు నాలుగింటికి ఆట లేదూ?" అని అడిగింది ఇయామ్జే.

ఒటియా వినలేదో, వినదలచుకోలేదో, గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ పూట విందు పెద్ద ఆయనే; విందు పెద్ద లేచాడంటే అందరూ చెంచాలు కింద పెట్టాల్సిందే.

"ఇప్పుడు మన ఆడవాళ్ళ కోసం తాగుదాం. మన ఇళ్ళకి దీపాలు, మన జట్లకి ప్రాణాలు! ఇదిగో, ఈ ఇయామ్జేని చూడండి. పగలంతా మగ్గాల మోతలో నిలబడి, సాయంత్రం వచ్చి బోర్డు ముందు కూర్చుంటుంది. ఓడినా తల దించదు. ఇలాంటి చెల్లెళ్ళున్న దేశానికి లోటేమిటి!"

గ్లాసులు గలగలమన్నాయి. ఇయామ్జే గ్లాసు ముట్టుకోలేదు.

"ఓడినా అంటే? నేనెప్పుడు ఓడాను?"

ఒటియా నవ్వుతూనే కూర్చున్నాడు గానీ మీసం కింద పెదవి బిగిసింది. ఎదురుగా ఉన్న రైల్వే కెప్టెన్ బోండోకి ఇలాంటి సున్నితాలు తెలియవు. నోట్లో ముద్ద నములుతూనే అనేశాడు.

"మీకు చెప్పలేదా? పొద్దున్నే తేల్చేసుకున్నాం కదా! ఆయనది డ్రా, మీది మాకు. ఇద్దరం సంతకాలు పెట్టి ప్లాటోన్ గారికి ఇచ్చేశాం. ఎందుకొచ్చిన తిప్పలు, హాయిగా నాలుగున్నర బండికి వెళ్ళిపోవచ్చు."

ఇయామ్జేకి ఒళ్ళు మండిపోయింది. మంట మొహంలోకి ఎక్కడం ఆమెకే తెలిసింది. మూడేళ్ళుగా ఆమె వెంటపడుతున్న బిరుదు క్యాండిడేట్ మాస్టర్. అది చేతికొస్తే పిల్లల భవనంలో చదరంగం శిక్షకురాలి ఉద్యోగం ఇస్తామన్నారు; రాకపోతే మగ్గాల దగ్గరే ఉండాలి, ఇప్పటికే ఆ మోతకి కుడిచెవి సరిగా వినబడదు. ఏడు ఆటల్లో ఐదు పాయింట్లు కావాలి. ఆరు ఆటల్లో నాలుగున్నర వచ్చాయి. ఈ ఏడో ఆట డ్రా అయితే చాలు. ఆ అరపాయింటునే ఈ పెద్దమనిషి తన అరపాయింటు కోసం కూరగాయల బేరంలో కొసరుగా వేసి ఇచ్చేశాడు. ఇచ్చేసి, ఆమె పేరుమీదే గ్లాసెత్తాడు!

"నా ఆటని ఇవ్వడానికి మీరెవరు?"

"మెల్లగా, అమ్మాయ్," అన్నాడు ఒటియా గొంతు తగ్గించి. "జట్టుకి రెండో స్థానం రావాలంటే ఈ రెండు బల్లల మీద కలిపి అరపాయింటు రావాలి. నీది ఎలాగూ పోయిన ఆటే కదా. రెండు బంట్లు తక్కువ. ఒకటి గుమ్మంలో నిలబడి ఉంది. నీ రాజు నడివీధిలో ఉన్నాడు. పోయేదాన్ని పెట్టి ఉండేదాన్ని తెచ్చాను. తప్పా?"

"మీరు నా బోర్డు చూశారా?"

"దాటుకుంటూ చూశాన్లే. అంత చూడ్డానికేముంది?"

ఇయామ్జే కుర్చీ వెనక్కి నెట్టింది. ఆ చప్పుడుకి హాలంతా తిరిగి చూసింది.

నిజానికి దాటుకుంటూ చూసేవాడికి అది పోయిన ఆటలాగే ఉంటుంది. తెల్లవాళ్ళ అంచు బంటు ఏడో గడికి వచ్చేసింది, ఇంకొక్క అడుగు వేస్తే మంత్రి. కానీ ఆ అడుగు వేయాల్సిన గడిలో వాళ్ళ ఏనుగే కూర్చుంది. బంటు వెనక, అదే నిలువు వరుస అడుగున, ఇయామ్జే ఏనుగు కాపు కాస్తోంది. తెల్ల ఏనుగు దారి ఇవ్వడానికి పక్కకి జరిగిందా, బంటు పోతుంది. జరుగుతూ జరుగుతూ రాజుకి చెక్ పెడితే మాత్రం ఆమెకి బంటుని కొట్టే తీరిక ఉండదు, అది మంత్రి అయి కూర్చుంటుంది. నిన్న ఆట ఆగేసరికి నల్ల రాజు సరిగ్గా అలాంటి ప్రమాదపు గడిలోనే ఉన్నాడు. ఎత్తు ఇయామ్జేది. ఆమె ఇరవై నిమిషాలు ఆలోచించి, ఎత్తుని కాగితం మీద రాసి, ఆట మళ్ళీ మొదలయ్యేదాకా ఎవరికీ తెలియకుండా కవరులో పెట్టి, అంటించి పోటీల పెద్దకి ఇచ్చింది.

ఏనుగుని ఎక్కడికి కదిపినా ఓటమే. రాజుని మూల దగ్గరికి, గుర్రం వరుసలో ఏడో గడికి తప్పించాలి. ఆమె రాసింది అదే.

పోటీల పెద్ద ప్లాటోన్ హాలు చివర గదిలో ఫలితాల పట్టిక గీసుకుంటున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. మంచివాడే, కానీ ఎవరితోనూ పేచీ పెట్టుకోని మంచితనం అది.

"ప్లాటోన్ గారూ, నేను ఓడిపోయినట్టు రాశారా?"

"కెప్టెన్లిద్దరూ సంతకం పెట్టారమ్మా."

"ఆట ఆడిందెవరు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నియమం ప్రకారం ఆట కాగితం మీద ఆడినవాళ్ళ సంతకాలే ఉండాలి, నిజమే. కానీ ఇరవై ఏళ్ళుగా కెప్టెన్లు ఇస్తే తీసుకుంటూనే ఉన్నాం. ఎవరూ అడగలేదు."

"అయితే ఇరవై ఏళ్ళుగా తప్పే చేస్తున్నారు. నేను అడుగుతున్నాను. నా సంతకం లేదు. కవరు చింపండి."

వెనకే వచ్చిన ఒటియా తలుపులో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నవ్వు లేదు.

"నీకేమన్నా పిచ్చా? ఇది తిరగబడితే బోండో నా డ్రా కూడా వెనక్కి తీసుకుంటాడు. నేను ఓడతాను, నువ్వూ ఓడతావు. జట్టు నాలుగో స్థానానికి పడిపోతుంది. తొమ్మిదిమంది ఉసురు పోసుకుంటావా, నీ ఒక్కదాని పట్టుదల కోసం?"

"మీ ఒక్కరి కోసం నన్ను అమ్మినప్పుడు ఆ తొమ్మిదిమందీ గుర్తొచ్చారా?"

ప్లాటోన్ కాసేపు కవరు వైపూ, కాసేపు ఒటియా వైపూ చూశాడు. చివరికి కెప్టెన్ల చీటీని రెండుగా చించాడు.

నాలుగింటికి కవరు తెరిచారు. ప్లాటోన్ నల్ల రాజుని మూల దగ్గరికి జరిపి గడియారం నొక్కాడు. రైల్వే అమ్మాయి ఎతేరి కనుబొమలు ముడిచి చాలాసేపు చూసింది. ఆమె కోటు కూడా వేసుకుని బండెక్కడానికి తయారైన మనిషి. పాపం ఆమె తప్పేమీ లేదు. గెలిచావని ఆమెకీ ఎవరో చెప్పేశారు.

ఇప్పుడు తెల్ల ఏనుగు ఎక్కడ చెక్ పెట్టినా రాజు దాన్నే తినేస్తాడు. అందుకని ఎతేరి తన రాజుని నడిపించుకుంటూ బోర్డు అవతలి కొసకి బయల్దేరింది, బంటుని తను కాచుకుంటే ఏనుగుకి విడుదల దొరుకుతుందని. ఇయామ్జే తొందరపడలేదు. ఏనుగుని ఆ వరుసలోనే ఒక గడి పైకి, ఒక గడి కిందికి జరుపుతూ కూర్చుంది. తెల్ల రాజు వచ్చి బంటు పక్కన చేరగానే కిందినుంచి చెక్. పక్క వరుసకి తప్పుకుంటే ఆ వరుసలో చెక్. తలదాచుకోవడానికి అక్కడ ఒక్క బంటు నీడ కూడా లేదు. రాజు విసిగి దూరం జరగగానే నల్ల ఏనుగు మళ్ళీ బంటు వెనక్కి.

పక్క బల్ల మీద ఒటియా ఆట మళ్ళీ మొదలైంది. మూడు గ్లాసుల వైనూ, పొద్దుట చేయని ఆలోచనా రెండూ కలిసి అతన్ని గంటలో ముంచేశాయి. అతను చేతులెత్తేసి లేచి, ఇయామ్జే వెనకొచ్చి నిలబడ్డాడు. వైను వాసన ఆమె భుజం మీదుగా వస్తోంది. జట్టంతా గోడకి ఆనుకుని చూస్తోంది. ఆ తొమ్మిదిమంది ఇప్పుడు ఈ ఒక్క ఏనుగు మీదే ఉన్నారని ఇయామ్జేకి తెలుసు.

ఎతేరి రెండో బంటుని ముందుకి తోసింది. ఆరో గడికి తెచ్చి సరిగ్గా నల్ల రాజు మొహం ముందు పెట్టింది. కొట్టుకో, అన్నట్టు.

వెనకనుంచి ఒటియా గుటక మింగడం వినిపించింది. తేరగా వచ్చిన బంటు! కొడితే తెల్ల ఏనుగు వచ్చి చెక్ పెడుతుంది, రాజు పారిపోయేలోపు అంచు బంటు మంత్రి అవుతుంది. ఇయామ్జే బంటు వైపు చూడనైనా లేదు. ఏనుగుని ఒక గడి కిందికి జరిపి గడియారం నొక్కింది.

ఎతేరి ఇంకో పద్దెనిమిది ఎత్తులు ప్రయత్నించింది. రాజుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. చివరికి కోటు విప్పి కుర్చీకి తగిలించి, నవ్వేసింది.

"ఇది గెలుపని మా వాళ్ళు ఎలా చెప్పారో! డ్రానా?"

"డ్రా."

ఇద్దరూ చేతులు కలిపారు. గోడ దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ప్లాటోన్ పట్టిక తీసి వేలితో కూడాడు. రెండు బల్లల మీదా కలిపి అరపాయింటు. పట్టు మిల్లుకి రెండో స్థానమే. పొద్దుట బేరంలో వచ్చిందీ అంతే, ఇప్పుడు వచ్చిందీ అంతే. ఆ అరపాయింటు పక్కన పేరు మాత్రం మారింది.

ఒటియా మొహం కందగడ్డలా ఉంది. జట్టు వైపు తిరిగి, అందరికీ వినపడేలా చేతులు చాచాడు.

"చూశారా, జట్టుకి ఒరిగిందేముంది? అదే అరపాయింటు! ఇంతోటి దానికి నన్ను పదిమందిలో ఓడించింది. రాజుని అక్కడికి తెచ్చుకుంటే డ్రా అని నిన్న రాత్రే నాకు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదిగా! కెప్టెన్‌ని కదా, నాకెందుకు చెప్పలేదూ?"

ఇయామ్జే ఆట కాగితం ముందుకి లాక్కుని, కలం మూత తీసింది.

"నిన్న రాత్రి మీ పక్క కుర్చీలోనే కూర్చుని అన్నం తిన్నాను. మీరడిగింది ఉప్పు అందించమని ఒక్కటే."

కాగితం మీద తన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి, ప్లాటోన్ చేతికిచ్చింది.