రెండో గీత లేని స్వరం

బేరూత్‌లో యుద్ధం ఆగి నాలుగేళ్లయింది. రేడియో స్టేషన్లో పాత టేపులు బాగుచేసే లమీస్ దగ్గరికి వార్దె ఒక క్యాసెట్ తెచ్చింది. ఆమె కొడుకు నదీమ్‌ను పదకొండేళ్ల క్రితం సాయుధులు ఇంట్లోంచి తీసుకుపోయారు. అప్పుడు క్లారినెట్ సాధన రికార్డు చేసుకుంటున్నాడేమో, యంత్రం తిరుగుతూనే ఉండిపోయింది.

టేపులో తలుపు చప్పుడు, మగ గొంతులు, మెట్ల మీద అడుగులు. తలుపు మూసుకుంది. చాలాసేపటికి గరగరలోంచి సన్నగా ఒక్క స్వరం.

"మెట్ల మీంచి మూలుగుతున్నాడు తల్లీ, నాకు వినపడాలని" అంది వార్దె. "ఆ గరగర తీసెయ్యి, చాలు."

లమీస్ ఆ స్వరాన్ని కంప్యూటర్లో తెరిచింది. అడుగున సెకనుకు రెండువందల ముప్పైమూడు కంపనాల గీత. దానికి రెట్టింపు దగ్గర దాదాపు ఏమీ లేదు. మూడింతల దగ్గర గట్టి గీత. నాలుగింతల దగ్గర మళ్లీ ఖాళీ. అయిదింతల దగ్గర గీత. ఆమె మైకు వార్దె వైపు జరిపి, పిన్ని వరసతో పిలిచింది.

"ఖాలా, ఇదే స్వరం మీరొకసారి అనండి."

వార్దె మైకులో మూలిగింది. తెర మీద రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, అన్నీ మెట్లలా నిలిచాయి.

"ఏ స్వరమైనా ఒక్క కంపనం కాదు ఖాలా. దాని మీద రెట్టింపుదీ, మూడింతలదీ, ఇలా ఎన్నో కలిసి మోగుతాయి. ఏది ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టే గొంతుకీ వాయిద్యానికీ తేడా తెలుస్తుంది. మనిషి గొంతులో అన్నీ ఉంటాయి. క్లారినెట్ గొట్టం ఒక కొస మూసినట్టే. కింది స్వరాల్లో రెట్టింపుదీ, నాలుగింతలదీ దాదాపు పలకవు." లమీస్ తెర మీది ఖాళీ చోటు చూపించింది. "ఇది గొంతు కాదు. తలుపు మూసుకున్నాక, ఇంట్లోనే ఎవరో క్లారినెట్ ఊదారు."

"నదీమ్ వెళ్లిపోయాక ఇంట్లో ఎవరున్నారు? నేనూ ఆ రోజు ఇంట్లో లేను" అంది వార్దె.

లమీస్ టేపు వెనక్కి తిప్పింది. స్వరం మళ్లీ వినిపించింది. మొదట్లో గాలి బుస్సుమంది. ఊదడం రానివాడి ఊపిరి.

వార్దె తెర మీది ఆ ఖాళీని వేలితో తాకింది.

"నదీమ్ వాళ్ల నాన్నకి ఒక్క స్వరం నేర్పాడు. మా ఆయన తౌఫీక్‌కి అంతకుమించి రాలేదు" అంది. "ఆ రోజు రొట్టెల కోసం వరసలో నిలబడి ఉన్నానన్నాడు. చనిపోయేదాకా అదే చెప్పాడు."

లోపలి గదిలో దాక్కున్న మనిషి, అడుగుల చప్పుడు ఆగాక, కొడుకు వాయిద్యం ఎత్తి ఊదాడు. ఎందుకో అడగడానికి ఇప్పుడాయన లేడు.

"రోజూ సాయంత్రం ఈ టేపు పెట్టుకుని నేనూ మూలిగేదాన్ని, నా బిడ్డకి బదులిస్తున్నాననుకుని. ఆయన ఎదురుగానే కూర్చుని కాఫీ తాగేవాడు. ఒక్కరోజూ లేచి వెళ్లలేదు."

"శుభ్రం చేసి ఇవ్వనా ఖాలా?"

"వద్దు. ఆ గరగర ఉండనీ."

వార్దె క్యాసెట్ సంచిలో పెట్టుకుని, గోడ పట్టుకుని నడిచింది. మెట్లు దిగుతూ ఆమె మూలగడం లమీస్‌కి వినిపించింది. రెండో మెట్టు దగ్గర, ఎవరికి బదులిస్తోందో గుర్తొచ్చినట్టు, ఆ మూలుగు ఆగిపోయింది.