కోస హాజరు

శబరి నది రేవులో సీతారాములు నోరు విప్పితే మొసలి కూడా ఒడ్డుకొచ్చి కూర్చుంటుందని కొంటాలో అంటారు. అంతటి కోతలరాయుడు ఆ ఉదయం బ్యాంకులో కుర్చీ అంచున గువ్వలా ముడుచుకుని ఉన్నాడు. పడవల సంఘానికి ఆయన అధ్యక్షుడు. వానలు పడేలోగా జిల్లా ఆఫీసు లైఫ్ జాకెట్లకు సొమ్మిస్తానంది. కానీ సంఘం పేరున ఖాతా ఉండాలి, ఆ నంబరు ఎల్లుండిలోగా సుక్మా చేరాలి.

ఎదుట ఆఫీసరు కల్యాణి. కిరందుల్ గని కాలనీలో పెరిగిన పిల్ల. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలుతో నకలును పోల్చింది. ఆ నంబరును కంప్యూటర్‌లో కొట్టి, సంఘం పేరు అక్షరం అక్షరం సరిచూసింది. నియమావళి ప్రతి పేజీ మీదా రిజిస్ట్రార్ ముద్ర ఉందో లేదోనని వేలితో తడుముతూ పోయింది.

"వల ఆరేసి చిరుగులు వెతికినట్టు కన్ను కన్నూ చూస్తాందిరా," అని సీతారాములు పక్కనున్న కార్యదర్శి దుర్గేశ్ చెవిలో ఊదాడు.

"నువ్వు గమ్మునుండు తాతా. మొసలి కథ ఎత్తినవనుకో, ఖాతా ఈడ్నే మునుగుద్ది," అంది కోశాధికారి భద్రమ్మ. సంతలో చేపలమ్మే మనిషి, ఆమె తక్కెడ ముందు ఎవరి కోతలూ చెల్లవు.

కల్యాణి సంఘం మీటింగుల రిజిస్టర్ తెరిచి, ఖాతా కోసం చేసిన తీర్మానం తీసింది. "ఖాతా మీద కోశాధికారి, వారితోపాటు అధ్యక్షుడో కార్యదర్శో సంతకం పెట్టాలని నియమావళిలో ఉంది. తీర్మానంలోనూ అలాగే రాశారు. బాగుంది." ఆ వేలు పైకి వెళ్లి ఆగింది. "తాతగారూ, రిజిస్ట్రార్ ఇచ్చిన జాబితాలో కమిటీ సభ్యులు ఏడుగురు. ఇక్కడ హాజరు ఎనిమిది. మొదటి పేరు కోస. సంతకం లేదు, పసుపు బొట్టుంది. ఎవరీయన?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మా గురువమ్మా," అన్నాడు సీతారాములు. "నాకు తెడ్డు పట్టుడు నేర్పినోడు. ఒక్క తెడ్డేటుకు రెండు ఒడ్లూ దగ్గరకొచ్చేటివి!"

"తాతా!" అంది భద్రమ్మ.

"సరే, సరే. వరదల అందర్నీ దాటించి, ఆఖరి ఖేపుకు పోయిన పడవతోటి తను తిరిగి రాలే. అప్పట్నించి రేవుల ఏ మీటింగైనా ముందు కోస పేరే పిలుస్తం. 'ఉన్నడు' అని అందరం అంటం. అన్నదే రాసినం. ఇన్నేండ్లల్ల కోసను ఆధార్ అడిగినోళ్లు లేరు బిడ్డా."

కల్యాణి నవ్వలేదు. పసుపు బొట్టున్న పేజీని వాళ్ల వైపు తిప్పింది. "చనిపోయినాయన హాజరయ్యాడన్న కాగితం మీద నేను ఖాతా తెరవలేను తాతగారూ. కొత్త తీర్మానం కావాలి."

"మీటింగంటే వారం ముందు నోటీసియ్యాల్నని మనమే రాసుకున్నం గదా," అన్నాడు దుర్గేశ్. సీతారాములుకు కాళ్లకింద పడవ జారినట్టయింది. జాకెట్లు లేకుండా ఇంకో వానాకాలం. ఇంకో ఆఖరి ఖేపు ఎవరిదో!

కల్యాణి నియమావళిని మళ్లీ మొదటినుంచి చదివింది. రాసుకున్నవాళ్లే మరచిపోయిన పేజీ దగ్గర ఆగింది. "కమిటీ సభ్యులందరూ హాజరై ఒప్పుకుంటే నోటీసు లేకుండానే అత్యవసర సభ జరుపుకోవచ్చట. ఏడుగురూ దొరుకుతారా?"

"రేవుకాడ్నే ఉన్నరు!" దుర్గేశ్ అప్పుడే లేచి నిలబడ్డాడు.

"రిజిస్టర్‌లో పాత పేజీ చింపకండి, కొట్టేయకండి. అందులో హాజరు తప్పు పడిందని, దాని బదులు ఇది చేస్తున్నామని తర్వాతి పేజీలో రాయండి. ఏడుగురే సంతకాలు పెట్టాలి."

సీతారాములు లేవలేదు. "మరి కోసను పిలవకుంట మీటింగెట్ల మొదలువెట్టాలె బిడ్డా? తెడ్డు లేకుంట పడవ తోసినట్టుంటది."

"పిలవొద్దని ఎవరన్నారు?" అంది కల్యాణి. "హాజరు పట్టీలో వద్దు. దానికి పైన రాయండి: 'రేవు పెద్ద, దివంగత కోసను స్మరించుకుని, మౌనం పాటించి సభ ప్రారంభించాం' అని. అది నిజమే కదా! పెద్ద పెద్ద సంఘాలూ అలాగే రాస్తాయి."

ముసలాయన కుర్చీలోంచి లేచాడు. కాగితాల మనిషికి కాగితమే లోకమని ఆయన లెక్క. ఈ పిల్ల కాగితంలో అబద్ధాన్ని తీసేసి, కోసకు పీట అలాగే ఉంచింది.

మధ్యాహ్నానికి ఏడుగురూ తడి లుంగీలతో, చీరకొంగులతో రేవులో చేరారు. కోస పేరు పిలిచారు. ఈసారి ఎవరూ 'ఉన్నడు' అనలేదు, శబరి ఒక్కటే చప్పుడు చేసింది. తర్వాత సంతకాలు పెట్టారు.

కల్యాణి కొత్త తీర్మానాన్ని జాబితాతో పేరు పేరునా పోల్చింది. సంఘం పాన్ కార్డు, ముగ్గురి ఆధార్లు మరోసారి చూసింది. బ్యాంకు తలుపులు మూసే వేళకు ఖాతా నంబరు దుర్గేశ్ చేతికొచ్చింది. అతడు సుక్మా బస్సు కోసం పరుగెత్తాడు.

గడప దాటుతూ సీతారాములు ఆగాడు. "రేపట్నించి రేవుల కొత్త కథ చెప్తనమ్మా. కోస నీటడుగు నుంచి లేచొచ్చి, బ్యాంకుల నీకు దండం పెట్టిండని."

"చెప్పుకోండి తాతగారూ," అంది కల్యాణి ఫైలు మూస్తూ, "రిజిస్టర్‌లో మాత్రం రాయకండి."