కొర్ర లడ్డుకు పెట్టిన పేరు

నరసరావుపేటలో ఆ అత్తాకోడళ్లది నాలుగేళ్ల నాటి వంటల ఛానెల్. అత్త జయలక్ష్మి వండుతుంది. కోడలు కీర్తి వీడియో తీసి, ఎడిట్ చేసి, టైటిల్ రాసి, పైన కనబడే థంబ్‌నెయిల్ బొమ్మ మీద అక్షరాలు పెడుతుంది. కింద వాళ్ల కిరాణా కొట్టు, పైన వంటిల్లు. జయలక్ష్మికి కెమెరా ముందు మాట్లాడటం వచ్చుగాని టైటిల్ ఎలా ఉందో ఏనాడూ చూడలేదు. అది కోడలి పని అనుకునేది.

కిందటేడు వేసవిలో కొర్ర లడ్డు చేశారు. అరకిలో కొర్రపిండికి పావుకిలో బెల్లం, నెయ్యి, యాలకులు. ఉండలు చుడుతూ జయలక్ష్మి, "బియ్యప్పిండి కన్నా కొర్రలు నయం అంటారు" అని ఒక్క ముక్క అంది. అంతే.

కీర్తి మొదట "కొర్ర లడ్డు తయారీ" అని పెట్టింది. వంద మందికి కనిపిస్తే ముగ్గురు కూడా నొక్కడం లేదు. ఫోన్లో టైటిల్ మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి, మిగతాది చుక్కల్లో పోతుంది. కాబట్టి లాగే మాట ముందుండాలి. రెండో రోజు "షుగర్ ఉన్నా రోజూ తినొచ్చు, కొర్ర లడ్డు" అని మార్చింది. మూడు థంబ్‌నెయిల్స్ పోటీకి పెడితే, "షుగర్ ఉన్నా రోజూ రెండు" అని పసుపు అక్షరాలున్నది గెలిచింది. నొక్కేవాళ్లు నూటికి పదకొండు మందికి చేరారు. నెల తిరిగేసరికి రెండు లక్షల మంది చూశారు. కీర్తికి అది అబద్ధమనిపించలేదు. అత్తయ్య అన్నదాన్నే కాస్త సాగదీశాను అనుకుంది.

అప్పుడే యల్లమంద అనే ఆయన కామెంట్లు మొదలయ్యాయి. గురజాల మనిషి. ఫోటో స్థానంలో పాత లారీ. నోటితో చెబితే ఫోనే టైపు చేసినట్టు, చుక్కా కామా లేకుండా ఉండేవి.

"అమ్మా మా చిన్నమ్మాయి చేసి పెట్టింది రోజూ రెండు తింటన్నా ఇయ్యాల పదో రోజు చానా బాగుంది."

కీర్తి గుండె గుర్తు పెట్టింది. తర్వాత ఇరవయ్యో రోజు వచ్చింది, ముప్ఫయ్యో రోజూ వచ్చింది. పచ్చడి వీడియో పెట్టినా, పులుసు వీడియో పెట్టినా ఆయన లడ్డు లెక్క కిందనే ఉండేది. నలభై ఒకటో రోజున ఇలా రాశాడు: "కాలికి పుండు మానటంలా షుగర్ మాత్రలు మానేశా లడ్డు మాత్రం మానలా."

ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఆ మాటను కీర్తి చాలాసార్లు చదివింది. "మాత్రలు వేసుకోండి బాబాయ్, డాక్టర్‌కు చూపించండి" అని కింద రాసింది. జవాబు లేదు. కొత్త వీడియో పెట్టగానే ముందు ఆ లారీ బొమ్మ కోసం వెతకడం అలవాటైంది. అత్త పోపు వేస్తుంటే కెమెరా వెనక నిలబడిన కీర్తికి తన పక్కన ఇంకెవరో కూర్చుని చూస్తున్నట్టుండేది. కొట్టుకు సరుకు తెచ్చిన లారీ వీధిలో ఆగితే తలుపు వంక తిరిగేది, ఫ్రేము కదిలేది. జయలక్ష్మి రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి స్టవ్ ఆపేసింది.

"ఏందే కీర్తీ, ఎవురన్నా వచ్చారా? ఊరికే ఆ తలుపు వంక చూస్తావు."

కీర్తి ఫోను ఇచ్చింది. జయలక్ష్మి కళ్లజోడు పెట్టుకుని థంబ్‌నెయిల్ చదివింది. ఆ పసుపు అక్షరాల పక్కన తన మొహమే నవ్వుతోంది.

"రోజూ తినమని నేనెప్పుడన్నానే?"

"మీరనలేదు అత్తయ్యా. నేను రాశాను."

"నా మొహం పక్కన రాశావుగా. చూసినోళ్లకు నేనన్నట్టే."

కీర్తి వీడియో తీసేస్తానంది. జయలక్ష్మి ఒప్పుకోలేదు. "తీసేస్తే ఇప్పటిదాకా చేసుకుని తినేవాళ్లకు ఎట్టా తెలుస్తది? పేరు మార్చు. ఉన్నది ఉన్నట్టు పెట్టు."

ఆ మధ్యాహ్నమే టైటిల్ "షుగర్ ఉన్నవాళ్లకు కాదు, బెల్లంతో కొర్ర లడ్డు" అయింది. అన్ని కామెంట్లకూ పైన కనబడేలా, ఇంతకుముందు పెట్టిన పేరు తప్పని, బెల్లంతో షుగర్ పెరుగుతుందని, మాత్రలు మానొద్దని రాసి అతికించింది. అది చాలదనిపించి ఇంకో వీడియో తీశారు. జయలక్ష్మి మొదటి మాటలోనే విషయం చెప్పింది. తక్కెడలో బెల్లం వేసి పావుకిలో చూపించింది. చివర్లో ఆమె కళ్లు తడిశాయి.

ఎడిట్ చేస్తూ కీర్తి ఆ తడి కళ్ల దగ్గర వీడియో ఆపింది. ఆ మొహం పెద్దది చేసి, పక్కన "మా వల్ల ఏం జరిగిందంటే" అని ఎర్రటి అక్షరాలు కూడా టైపు చేసేసింది. బాగా లాగుతుంది, తెలుసు. నెమ్మదిగా ఒక్కో అక్షరం చెరిపింది. తన వేళ్లను చూస్తే తనకే భయమేసింది. కళ్ల బదులు తక్కెడలో బెల్లం బొమ్మ పెట్టింది. దాని మీద మూడే మాటలు: "లడ్డులో ఇంత బెల్లం." టైటిల్, "మా కొర్ర లడ్డు టైటిల్ తప్పు, షుగర్ ఉంటే తినొద్దు."

లడ్డు వీడియో వ్యూస్ పడిపోయాయి. కొత్తదాన్ని మాత్రం నూటికి ఏడుగురు నొక్కారు. నొక్కినవాళ్లు మధ్యలో పోలేదు. టైటిల్ చెప్పింది మొదటి అరనిమిషంలోనే దొరకడంతో కుదురుగా చివరిదాకా చూశారు. ఇంకోసారైతే కీర్తి, ఎంతమంది ఎంతసేపు చూశారో చూపే గీతను చూసి సంతోషపడేది.

కొత్త వీడియో పెట్టిన తొమ్మిదో రోజు లారీ బొమ్మతో కామెంట్ వచ్చింది. కీర్తి లేచి నిలబడింది.

"నేను యల్లమంద గారి చిన్నమ్మాయి సౌందర్యని. నాన్న పోయి నెలన్నర అయింది. పుండు పైకి పాకింది. నంబరు పంపితే మాట్లాడతాను."

ఛానెల్ మెయిల్ ద్వారా నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. మరుసటి ఉదయం అత్తాకోడళ్లు బస్సెక్కి గురజాల వెళ్లారు. చిన్న రేకుల వసారా. సౌందర్యకు పాతికేళ్లుంటాయి. తిట్టలేదు. నీళ్లిచ్చి కూర్చుంది.

"లడ్డు వల్లే అని డాక్టర్ అన్లేదక్కా. మాత్రలు మానేసినందుకు అన్నాడు. మానొద్దు నాన్నా అని నేనెన్నిసార్లు చెప్పానో. ఫోన్లో ఆ పెద్దమ్మే చెప్తంది చూడు అనేవాడు. బొమ్మ చూపించేవాడు."

జయలక్ష్మి తల వంచుకుంది. "ఆ మాట నాది కాదమ్మా. అయినా నా మొహమే."

"చుట్టింది నేను," అంది సౌందర్య. "రోజూ రెండు. బెల్లం కూడా నేనే తూచా. మీరు తప్పు జరిగిందని వీడియో పెట్టారు. నేనెవరితో చెప్పుకోను?"

కీర్తి క్షమించమని అడగాలని వెళ్లింది. అడగలేకపోయింది. బయల్దేరేముందు, ఆ కామెంట్లు తీసేయమంటావా అని మాత్రం అడిగింది.

"ఉండనీయండి. అవి నాన్న మాట్లాడిన మాటలు. వరండాలో కూర్చుని ఫోనుకు గట్టిగా చెప్పేవాడు, ఊరంతా వినపడేది."

తర్వాత కీర్తి టైటిళ్లు రాయడం మానలేదు. "ఫ్రిజ్ లేకుండా రెండు రోజులుండే పల్లీ చట్నీ" అని రాసేముందు నిజంగా రెండు రోజులు బయటపెట్టి మూడో పొద్దున రుచి చూసింది. పులిసి ఉండటంతో ఒక రోజే అని దిద్దింది. పాడవని గోంగూర పచ్చడికి మాత్రం ధైర్యంగా పెద్ద అక్షరాలు వేసింది. జనం నొక్కుతూనే ఉన్నారు, నూటికి పదకొండు మంది కాదుగాని ఆరుగురు, ఏడుగురు. ఇప్పుడు జయలక్ష్మి ప్రతి టైటిల్‌నూ పైకి చదివించుకుంటుంది.

ఈ ఏడు శ్రావణంలో ఒక పొద్దున, యల్లమంద పెట్టిన పదో రోజు కామెంట్ కింద ఎవరో కొత్త మనిషి అడిగాడు. "బాబాయ్, ఇప్పుడెలా ఉన్నారు? నిజంగా తగ్గిందా? మా అమ్మకు చేద్దామని."

పైన అతికించిన మాట ఆ కొత్త మనిషి చదవలేదు. కీర్తి సౌందర్యకు ఫోన్ చేసింది. ఆ ప్రశ్న చదివి వినిపించింది.

"ఉన్నది రాయండక్కా," అంది సౌందర్య.

కీర్తి రాసింది. "తగ్గలేదు. ఆయన లేరు. మీ అమ్మగారికి చేయకండి, మాత్రలు మాన్పించకండి."

పది నిమిషాలకు "సరే అక్కా" అని వచ్చింది. కీర్తి ఫోను బోర్లించి వంటింట్లోకి వెళ్లింది. ఆ వారంలోనే ఇంకొకరు అడిగారు. ఆ పై నెల మరొకరు. ప్రతిసారీ ఆమె అవే మాటలు మళ్లీ మొదటినుంచి టైపు చేస్తుంది. కాపీ చేసి పెట్టదు.