డ్రైవరు ఇస్సాకు దరఖాస్తు

అరవై తొమ్మిది జనవరిలో నా భార్య రాధమ్మకు నొప్పులు మొదలైన రోజు ప్రత్యేక తెలంగాణ గొడవలతో పట్నమంతా బంద్. బస్సుల్లేవు, రిక్షావాడు గడ్డిఅన్నారం దాటి రానన్నాడు. అప్పుడు మా పక్కింటి ఇస్సాకన్న తాను నడిపే బిస్కెట్ల వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. మలక్‌పేట రోడ్డు మీద రాళ్ళు పడుతున్నాయని సైదాబాద్, చంచల్‌గూడ, దబీర్‌పుర మీదుగా నయాపూల్ దాటించి ఉస్మానియా దవాఖానలో దించాడు. ఇంకో గంట ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ అంది. ఆ బిడ్డ ఇప్పుడు మా ఇంట్లో గుక్కపట్టి ఏడుస్తుంటే కూడా నాకు ముద్దొస్తుంది.

అయితే ఆ వ్యాను ఇస్సాకన్నది కాదు. యజమానిని అడగకుండా తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఆ పెద్దమనిషి తాళంచెవి లాక్కుని పొమ్మన్నాడు. తర్వాత రెండు నెలలూ ఆయన భార్య ఎలీశమ్మ వదిన ద్రాక్షతోటల్లో గంపలు మోస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. మా ఇంట్లో దీపం వెలిగించి తన పొయ్యి ఆర్పుకున్నాడు మహానుభావుడు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా నాకు తేలికగా ఉండేది.

మార్చిలో సరూర్‌నగర్ వైపు ద్రాక్షతోట ఉన్న వెంకట్రావుగారికి లారీ డ్రైవరు కావాలని తెలిసింది. ఆయన కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ తోట వేశాడు. నోటిమాట వినే మనిషి కాదు. కాగితం మీద టైపు చేసి తెమ్మన్నాడట. టైపు అంటే నేనే కదా! మాది పోచంపల్లి నేతవాళ్ళ ఇల్లు. మగ్గం వదిలిపెట్టి, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మిషను పెట్టుకుని దరఖాస్తులు కొట్టుకుంటూ బతుకుతున్నాను.

"జెప్పన్నా," అన్నాను మిషను ముందు కూర్చుని.

"ముందుగాల లైసెన్సు రాయి," అన్నాడు ఇస్సాకన్న. "లైట్, హెవీ రెండున్నయి. జీతానికి నడిపే పర్మిషన్ గూడ ఉన్నది. లారీ ఇస్తడు కదా, హెవీ లేకుంటె నా మొఖం గూడ సూడడు. గా ముచ్చట పైన్నే కనవడాలె."

"తర్వాత?"

"పదకొండేండ్లు నడిపిన. ఒక్క గుద్దుడు లేదు. కోర్టోళ్ళు తప్పు రాసే పేజీలుంటయి సూడు లైసెన్సుల, అవన్నీ సాఫ్‌గున్నయి. గది రాయి. గా మీద తొవ్వలు రాయి. నాకు మెయిన్ రోడ్డొక్కటే కాదు, సందులు గూడ ఎరికే."

"పాత పని ఎందుకు పోయిందో?"

ఇస్సాకన్న రోడ్డు వైపు చూశాడు. "గది వద్దు తమ్మీ. మాలక్‌కు చెప్పకుండ బండి తీస్కవోయిండంటె ఎవడు నమ్ముతడు? వదిలెయ్యి."

వదిలేశాను. ఎంతో శ్రద్ధగా, నా బిడ్డకు పేరు రాస్తున్నంత ప్రేమగా ఇంగ్లీషులో కొట్టాను. పైసా తీసుకోలేదు. ఇస్సాకన్న ఆ కాగితాన్ని బైబిలులో పెట్టుకుని పోయాడు.

సాయంత్రం కాకముందే తిరిగొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"బ్రహ్మం, పైన ఏం గొట్టినవు? గాయన సదివిండు, కండ్లద్దాలు తీసిండు. 'నన్ను ఊరొదిలి పొమ్మనడానికొచ్చావా' అన్నడు. కాగితం ఎనకకిచ్చిండు. నాకు ఇంగ్లీషు రాకపాయె."

కాగితం చూశాను. మొదటి వరుసలోనే, లైసెన్సు కంటే పైన, "నేను హైదరాబాదు ముల్కీని, పుట్టుక నుంచి ఇక్కడివాడిని" అని ఉంది. సర్కారు కొలువులు ముల్కీలకే, అంటే ఇక్కడివాళ్ళకే ఇవ్వాలన్న గొడవ మొదలయ్యాక నా దగ్గరికొచ్చే ప్రతి కుర్రాడూ ముందు ఆ ముక్కే కొట్టించుకునేవాడు. మూడు నెలలుగా కొట్టీ కొట్టీ నా వేళ్ళు నన్నడగకుండానే కొట్టేశాయి. గొడవల్లో ఇప్పటికే బిక్కుబిక్కుమంటున్న కోస్తా మనిషికి ఆ వరుస ఎలా కనపడుతుంది? మేలు చేసినవాడికి నేను చేసిన ప్రత్యుపకారం ఇదీ! నా నెత్తిన నేనే మొట్టికాయ వేసుకున్నాను.

"నడువన్నా, పోదాం," అన్నాను.

వెంకట్రావుగారు తోటలో షెడ్డు కింద గంపలు లెక్క చూస్తున్నాడు. మమ్మల్ని చూసి ముడుచుకున్నాడు.

"సార్, తప్పు నాది," అన్నాను. "సర్కారు దరఖాస్తులకు కొట్టే వరుస అలవాటు మీద ఇక్కడ కొట్టిన. ఈయనకు ఇంగ్లీషు రాదు. ఏమున్నదో గూడ తెలియదు."

"సరేనయ్యా, అది పొరపాటే అనుకుందాం. మరి పాత యజమాని దగ్గర ఎందుకు మానేశాడో ఒక్క ముక్క లేదే? తాగి గుద్దాడా? ఇంకేమన్నా చేశాడా?"

ఇస్సాకన్న వద్దన్నట్టు నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను ఆగలేదు. రెండు నెలలు ఆగిందే ఎక్కువ. బంద్ రోజు సంగతి మొత్తం చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు. నా ఆడది, నా బిడ్డ బతికున్నారు, ఎందుకు సిగ్గు?

వెంకట్రావుగారు లైసెన్సు అడిగి తీసుకుని, హెవీ అని రాసిన చోట వేలు పెట్టి చూశాడు. తప్పులు రాసే పేజీలు ఒక్కొక్కటీ తిప్పాడు. ఏమీ లేవు.

"ఏమయ్యా ఇస్సాకూ, మొన్న బంద్ రోజు నా లారీ మలక్‌పేటలో ఆగిపోయి, పళ్ళన్నీ ఎండకి కుళ్ళిపోయాయి. సికింద్రాబాద్ స్టేషన్‌కి నువ్వైతే ఎలా వెళ్తావ్?"

"మలక్‌పేట మొఖమే సూడ సార్. యూనివర్సిటీ దిక్కు గూడ పోను, ఆడ పోరగాళ్ళు గరమున్నరు. ఎండకాలం మూసీల నీళ్ళుండయి. నాగోలు కాడ దాటి, ఉప్పల్, నాచారం, లాలాపేట మీదికెళ్ళి స్టేషన్ల దించుత. దూరమైతది గని పండు కరాబ్ కాదు."

"ఈ దారులన్నీ ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు జెప్తరు సార్? నేను ఈడోన్ని. గీడనే పుట్టిన."

ఆ మాట అన్నాక ఇస్సాకన్న నాలుక కరుచుకున్నాడు. వెంకట్రావుగారు మొదట చిన్నగా, తర్వాత గట్టిగా నవ్వాడు.

"టైపు పంతులూ, ఆ వరుస తీసెయ్యొద్దులే. కాకపోతే కిందకి దించు, దారుల పక్కన పెట్టు. అక్కడైతే నాకు పనికొస్తుంది. లైసెన్సు పైన ఉండాలి."

"గదే జెప్పిన సార్ నేను గూడ," అన్నాడు ఇస్సాకన్న.

వెంకట్రావుగారు లారీ తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు. ఇస్సాకన్న కాళ్ళ మీదికి వంగబోతే ఆపాడు.

"ఒక్క షరతు. ఎవరికన్నా ప్రాణం మీదికొస్తే నన్ను వెతుక్కుంటూ రావద్దు. పళ్ళు దించేసి బండి తీసుకుపో. తర్వాత వచ్చి చెప్పు, చాలు."

రెండు నెలలు అర్ధాకలితో ఉన్నా కన్ను తడవని మనిషి, తాళంచెవి పిడికిట్లో పట్టుకుని అక్కడే బోరుమన్నాడు. కాసేపటికి మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"బ్రహ్మం, పాత పని ఎందుకు పోయిందో గది గూడ గొట్టు తమ్మీ. ఇప్పుడు రాయి."